మోటారు లేకుండా స్టార్టర్ పరీక్ష



బోరు మోటారు పక్కన తగిలించి ఉండే ఆటోమేటిక్ స్టార్టర్ డబ్బా మీలో చాలామందికి తెలిసిందే. ఫోన్ నుంచి ఒక కాల్ చేస్తే మోటారు వేసే, తీసే రకం డబ్బాలు కూడా ఇప్పుడు పల్లెల్లో మామూలే. ఈవేళ నేను మాట్లాడబోయేది ఆ డబ్బాలోని మైక్రోకంట్రోలర్ చిప్పులో నడిచే ప్రోగ్రాం గురించి. అందులో నిర్ణయాలు తీసుకునే భాగం ఒకటి ఉంటుంది, తీగలతోనూ చిప్పుతోనూ మాట్లాడే భాగం ఇంకొకటి ఉంటుంది. ఈ రెంటినీ విడదీస్తే మోటారు అక్కర్లేకుండా, మూడు ఫేజుల కరెంటు అక్కర్లేకుండా, చివరికి ఆ డబ్బా కూడా అక్కర్లేకుండా, బల్ల మీద ఉన్న మామూలు కంప్యూటర్లో నిర్ణయాల భాగాన్ని పూర్తిగా పరీక్షించవచ్చు. ఎలా విడదీయాలో, అలా విడదీశాక ఏది తేలుతుందో, ఏది తేలదో చెబుతాను.

ముందు డబ్బా చేసే పనేమిటో చూద్దాం. మూడు ఫేజులూ సరిగ్గా వస్తున్నాయా లేదా చూస్తుంది. వస్తుంటే వెంటనే మోటారు వెయ్యదు, కాసేపు ఆగుతుంది. మన ఉదాహరణలో 2 నిమిషాలు అనుకుందాం. ఆగడం ఎందుకంటే, కరెంటు పోయి వచ్చిన క్షణంలో ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్లన్నీ ఒక్కసారే లేస్తే ఆ ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోలేదు. మోటారు లేచేటప్పుడు మామూలుగా తీసుకునే కరెంటుకు అయిదారు రెట్లు తీసుకుంటుంది. అందుకని ఒక్కో డబ్బా ఒక్కో వ్యవధి ఆగితే మేలు. ఇక మోటారు నడుస్తుండగా ఒక ఫేజు పోతే వెంటనే ఆపాలి, లేకపోతే మిగిలిన రెండు ఫేజుల మీద భారం పడి వైండింగ్ కాలిపోతుంది. బోర్లో నీళ్లు అయిపోయి మోటారు ఖాళీగా తిరిగితే కరెంటు వాడకం తగ్గిపోతుంది. అది గమనించి ఆపాలి, నీరు ఊరేదాకా, ఓ గంట ఆగి, మళ్లీ ప్రయత్నించాలి. డబ్బా చేసే పని ఇంతే. ఈ నాలుగు నియమాలనూ ఏ రైతును అడిగినా చెబుతాడు.

కానీ ఇదే పనిని ప్రోగ్రాంగా రాసినప్పుడు ఎలా తయారవుతుందో చూడండి. మొదటి వరుసలో చిప్పులోని ఏడీసీ అనే భాగానికి ఫలానా రిజిస్టర్ ద్వారా ఆజ్ఞ. ఏడీసీ అంటే వోల్టేజిని అంకెగా మార్చే భాగం. తర్వాతి వరుసలో ఆ అంకె తయారయ్యేదాకా ఆగడం. ఆ తర్వాత దాన్ని వోల్టులుగా మార్చే లెక్క. ఆ వెంటనే, అదే ఫంక్షన్‌లో, మూడు ఫేజులూ ఉన్నాయా అన్న ప్రశ్న. ఉంటే డిలే అని ఒక పిలుపు, 2 నిమిషాలు అక్కడే ఆగిపోవడం. ఆగాక పోర్ట్ బి అనే రిజిస్టర్లో మూడో బిట్టును 1 చెయ్యడం. ఆ బిట్టు ఒక రిలేను, రిలే కాంటాక్టర్‌ను, కాంటాక్టర్ మోటారును కదిలిస్తాయి. వోల్టేజి నియమం, రిజిస్టర్ పేరు, ఆగే సమయం, పిన్ను నంబరు అన్నీ పది వరుసల్లో కలగలిసిపోయి ఉంటాయి.

ఈ పది వరుసల్లో ఒక పెద్ద తప్పుంది. వోల్టేజి చూసింది ఆగకముందు, మోటారు వేసింది ఆగిన తర్వాత. మధ్యలో 2 నిమిషాల పాటు ఎవరూ ఏమీ చూడటం లేదు. మొదటి నిమిషంలో ఒక ఫేజు పోయిందనుకోండి, రెండో నిమిషం ముగియగానే రెండు ఫేజుల మీద మోటారు వేసేస్తుంది. ఏ ప్రమాదం నుంచి కాపాడటానికి డబ్బా పెట్టుకున్నామో దాన్నే డబ్బా కొనితెస్తోంది. ఈ తప్పును పట్టుకోవాలంటే బల్ల మీద మూడు ఫేజుల సప్లై ఉండాలి. కరెంటు వచ్చిన నిమిషానికి సరిగ్గా ఒక ఫేజు ఫ్యూజు ఎవరో పీకాలి. ఆ తర్వాత ఇంకో నిమిషం కాచుకుని చూడాలి. ఇలాంటి పరీక్ష మొదటి డబ్బాకు చేస్తారేమో గానీ, ప్రోగ్రాంలో ఒక్కో వరుస మార్చినప్పుడల్లా ఎవరూ చెయ్యరు. చెయ్యకపోవడం వాళ్ల బద్ధకం కాదు. ప్రోగ్రాం రాసిన పద్ధతే వాళ్లను అక్కడికి నెట్టింది.

ఇక విడదీయడం ఎలాగో చూద్దాం. నిర్ణయాల భాగం బయటి ప్రపంచాన్ని అడిగే ప్రశ్నలు మూడే. ఇప్పుడు టైమెంత? ఫలానా ఫేజులో వోల్టేజి రీడింగు ఎంత? మోటారు కరెంటు రీడింగు ఎంత? అది ఇచ్చే ఆజ్ఞ ఒక్కటే: కాంటాక్టర్ వెయ్యి, లేదా తియ్యి. ఈ నాలుగింటికీ నాలుగు ఫంక్షన్ల పేర్లు ఒక హెడర్ ఫైల్లో రాసుకుంటాం. పేర్లు మాత్రమే, లోపలి పని రాయం. నిర్ణయాల భాగం ఆ హెడర్‌ను మాత్రమే చూస్తుంది. చిప్పు కంపెనీ ఇచ్చే రిజిస్టర్ల హెడర్ దాని కంట పడకూడదు. ఆ నాలుగు ఫంక్షన్ల లోపలి పనిని రెండు వేర్వేరు ఫైళ్లలో రెండు రకాలుగా రాస్తాం. ఒక ఫైల్లో నిజమైన రిజిస్టర్లు ఉంటాయి. రెండో ఫైల్లో చిప్పు ఊసే ఉండదు, మామూలు వేరియబుల్స్ ఉంటాయి. టైమెంత అని అడిగితే ఒక వేరియబుల్‌లో ఉన్న అంకెను తిరిగి ఇస్తుంది. కాంటాక్టర్ వెయ్యి అంటే ఇంకో వేరియబుల్‌లో 1 అని రాసుకుంటుంది. దీన్ని డమ్మీ అందాం. డబ్బా కోసం కంపైల్ చేసేటప్పుడు మొదటి ఫైలును కలుపుతాం, కంప్యూటర్ కోసం చేసేటప్పుడు రెండోదాన్ని. నిర్ణయాల ఫైలు మాత్రం రెండింటిలోనూ ఒకటే, ఒక్క అక్షరం తేడా లేకుండా.

ఇలా లింకర్ దగ్గర ఫైలు మార్చడం కాకుండా ఫంక్షన్ పాయింటర్లతో చేసే పద్ధతి కూడా ఉంది. నడుస్తుండగానే ఒకదాని బదులు ఇంకొకటి పెట్టాల్సిన అవసరం ఉన్నప్పుడు అది మంచిది. కానీ మన డబ్బాల్లో కనిపించే చిప్పుల మెమరీ చాలా చిన్నది. ఆర్డునో ఊనో బోర్డు ద్వారా చాలామంది విద్యార్థులకు పరిచయమైన ఏటీమెగా 328పీ చిప్పులో ర్యామ్ 2 కిలోబైట్లే. అక్కడ నేను ఫైలు మార్చే పద్ధతికే ఓటేస్తాను. డబ్బాలోకి వెళ్లే ప్రోగ్రాంలో పాయింటర్ల బరువు చేరదు.

ఎంబెడెడ్ రంగంలో ఈ పద్ధతిని అందరికీ అందేలా రాసిన వ్యక్తి జేమ్స్ గ్రెనింగ్. ఎంబెడెడ్ సీ ప్రోగ్రాములను పరీక్షలతో పాటే పెంచుకుంటూ పోవడం గురించి ఆయన రాసిన పుస్తకం 2011లో వచ్చింది. ఒకే కోడ్‌ను మొదటి రోజు నుంచీ రెండు యంత్రాల కోసం, అంటే బోర్డు కోసమూ కంప్యూటర్ కోసమూ తయారుచేసుకోవడాన్ని ఆయన డ్యూయల్ టార్గెటింగ్ అంటాడు. ఈ మొదటి రోజు నుంచీ అన్న మాట ముఖ్యం. ఎందుకంటే చాలా ప్రాజెక్టుల్లో ప్రోగ్రాం రాసేవాళ్లు కూర్చునే నాటికి బోర్డు ఇంకా తయారై ఉండదు. ఉన్నా, నలుగురికి ఒక్కటే ఉంటుంది.

ఈ నాలుగు ఫంక్షన్ల పొర ఎంత పలుచగా ఉండాలి అన్నది చాలా ప్రాజెక్టులు దారి తప్పే చోటు. కొందరు ఫలానా పిన్నును 1 చెయ్యి, ఫలానా పిన్ను చదువు అన్న స్థాయిలో పొరను పెడతారు. అప్పుడు నిర్ణయాల భాగం నిండా పిన్ను నంబర్లే ఉంటాయి. పరీక్షలో కూడా మొదట మూడో పిన్ను, తర్వాత అయిదో పిన్ను అని వరుస అప్పజెప్పుకోవడమే మిగులుతుంది. బోర్డులో ఒక తీగ మారితే పరీక్షలన్నీ పడిపోతాయి, కానీ మోటారు కాలుతుందా లేదా అన్న సంగతి ఒక్క పరీక్షా చెప్పదు. ఇంకొందరు అటు చివరికి పోయి పొరలోనే తెలివి నింపుతారు. రీడింగును వోల్టులుగా మార్చడం, పది రీడింగుల సగటు తీయడం, ఫేజు ఉందో లేదో తేల్చడం అన్నీ అక్కడే చేసేస్తారు. కంప్యూటర్లో ఆ ఫైలు ఉండదు, డమ్మీ ఉంటుంది కాబట్టి, ఆ తెలివంతా పరీక్షకు అందకుండా పోతుంది. నేను పాటించే గుర్తు ఇది: నిజమైన పొర ఫైల్లో ఇఫ్ అన్న మాట కనిపిస్తే అనుమానించాలి. చదివిన అంకెను చదివినట్టు పైకి పంపడం, వచ్చిన ఆజ్ఞను పిన్నుకు చేర్చడం, అంతకు మించి అక్కడ ఏమీ ఉండకూడదు. అంకెను వోల్టులు చేసే లెక్క పైనే, పరీక్షించే వైపే ఉండాలి.

రెండో మార్పు కూడా తప్పదు. డిలే అనే పిలుపు నిర్ణయాల భాగంలో ఉండకూడదు. దాని బదులు, ఒక్క అడుగు అనే ఫంక్షన్ రాస్తాం. దాన్ని సెకనుకు పదిసార్లు పిలుస్తారు. పిలిచిన ప్రతిసారీ టైము అడుగుతుంది, రీడింగులు చూస్తుంది, తాను ఏ దశలో ఉందో గుర్తుచేసుకుంటుంది, అవసరమైతే దశ మారుతుంది, వెంటనే తిరిగి వచ్చేస్తుంది. దశలు నాలుగు: కరెంటు లేదు, ఆగుతున్నాం, మోటారు నడుస్తోంది, నీటి కోసం చూస్తున్నాం. ఎక్కడా కాచుకుని కూర్చోదు. ఆగే రెండు నిమిషాల్లోనూ ప్రతి అడుగులో ఫేజులు చూస్తూనే ఉంటుంది కాబట్టి ఇందాక చెప్పిన తప్పుకు చోటే ఉండదు.

ఇప్పుడు పరీక్ష రాద్దాం. డమ్మీలో టైము సున్నా పెట్టాం, మూడు ఫేజులూ సరిగ్గా ఉన్నట్టు అంకెలు పెట్టాం, ఒక అడుగు వేయించాం. టైమును మిల్లీసెకన్లలో లెక్కిస్తున్నాం కాబట్టి 2 నిమిషాలంటే 1,20,000. టైము వేరియబుల్‌లో 1,19,999 రాసి ఒక అడుగు వేయిస్తే కాంటాక్టర్ తీసే ఉండాలి. 1,20,000 రాసి అడుగు వేయిస్తే పడాలి. రెండో పరీక్షలో 60,000 దగ్గర ఒక ఫేజు వోల్టేజిని తీసేస్తాం, 1,20,000 దగ్గర కాంటాక్టర్ పడకూడదు. ఫ్యూజు పీకే మనిషి అక్కర్లేదు. రెండు నిమిషాలు కాచుకోవడమూ లేదు, ఎందుకంటే టైము మనం రాసిన అంకె. ఇలాంటి వంద పరీక్షలు ఒక్క సెకను లోపే అయిపోతాయి. యూనిటీ, సిపిపియుటెస్ట్ లాంటి ఉచిత సాధనాలు పరీక్షలను వరుసగా నడిపి ఏది ఆగిపోయిందో చెబుతాయి. అవి లేకపోయినా, ఇది ఇలా ఉండాలి అని సరిచూసే ఒక చిన్న ఫంక్షన్‌తో మొదలుపెట్టవచ్చు.

టైమును మన చేతిలోకి తీసుకోవడం వల్ల వచ్చే అసలు లాభం మాత్రం ఇంకొకటి. మిల్లీసెకన్ల లెక్కను ఎక్కువగా 32 బిట్ల సంఖ్యలో పెడతారు. అందులో పట్టే పెద్ద సంఖ్య 429 కోట్ల పైచిలుకు. అది నిండటానికి 49 రోజుల 17 గంటలు పడుతుంది, ఆ తర్వాత మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. కరెంటు పోయినప్పుడల్లా ఆగిపోయే డబ్బాకు ఈ బాధ లేదు, ప్రతిసారీ సున్నా నుంచే లేస్తుంది. కానీ ఫోన్ కాల్‌తో నడిచే డబ్బాలో చిన్న బ్యాటరీ ఉంటుంది. కరెంటు లేకపోయినా చిప్పు నడుస్తూనే ఉంటుంది, నెలల తరబడి.

ఆగే సమయం అయిపోయిందా అన్నది తేల్చడానికి రెండు రకాలుగా రాయవచ్చు. ఒకటి, మొదలైన టైముకు ఆగాల్సిన సమయాన్ని కలిపి, ఇప్పటి టైము దాన్ని దాటిందా అని చూడటం. చదవడానికి చక్కగా ఉంది. ఇప్పుడు డమ్మీలో మొదలైన టైమును 4,29,49,00,000 అని పెట్టి చూద్దాం. లెక్క నిండటానికి ఇంకా 67 సెకన్లే ఉంది. దానికి 1,20,000 కలిపితే 32 బిట్లలో పట్టదు, చుట్టు తిరిగి 52,704 అవుతుంది. ఇప్పటి టైము 429 కోట్లు, అది 52,704 కంటే ఎంతో పెద్దది, కాబట్టి సమయం అయిపోయింది అని మొదటి అడుగులోనే తేల్చేస్తుంది. ఒక్క క్షణం కూడా ఆగకుండా మోటారు లేస్తుంది. పొలంలో ఇది 49 రోజులకు ఒకసారి, అదీ ఆ రెండు నిమిషాల కిటికీలో కరెంటు పోయి వస్తేనే జరుగుతుంది. జరిగినా ఎవరూ నమ్మరు. డబ్బాను తెచ్చి బల్ల మీద పెడితే ఏ తప్పూ చూపించదు.

రెండో రకం రాత: ఇప్పటి టైములోంచి మొదలైన టైము తీసేసి, మిగిలింది ఆగాల్సిన సమయం కంటే తక్కువా అని చూడటం. ఇది చుట్టు తిరిగినా తప్పు చెప్పదు. గోడ గడియారంలో 11 గంటలకు మొదలైన పని 1 గంటకు ముగిస్తే రెండు గంటలు అని మనం తేలిగ్గా చెప్పేస్తాం కదా, సరిగ్గా ఆ లెక్కే. మొదటి రాతతో పరీక్ష ఆగిపోతుంది, రెండో రాతతో నెగ్గుతుంది. 49 రోజుల తప్పును ఒక మిల్లీసెకనులో చూశాం.

ఇది బోరు డబ్బాల చిన్న సమస్య మాత్రమే అనుకోవద్దు. 2015లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ, బోయింగ్ 787 విమానాల గురించి ఒక ఆదేశం ఇచ్చింది. 248 రోజులు ఆగకుండా కరెంటులో ఉంటే, జనరేటర్లను అదుపుచేసే యూనిట్లలో ఒక సాఫ్ట్‌వేర్ కౌంటర్ నిండిపోతుందని, దాంతో ఆ యూనిట్లు ఫెయిల్‌సేఫ్ స్థితిలోకి వెళ్లి విమానం ఏసీ కరెంటు మొత్తం కోల్పోవచ్చని అందులో ఉంది. సాఫ్ట్‌వేర్ సరిచేసేదాకా, ఆ గడువు రాకముందే కరెంటు తీసి మళ్లీ వెయ్యమని ఆపరేటర్లకు చెప్పారు. సెకనులో వందో వంతును లెక్కబెట్టే ఒక 32 బిట్ల సైన్డ్ కౌంటర్ నిండటానికి పట్టే కాలం కూడా సరిగ్గా 248 రోజుల పైచిలుకే.

ఇక కంప్యూటర్ చెప్పే తీర్పును ఎక్కడ నమ్మకూడదో చూద్దాం. ఇదే టైము లెక్కతో మొదలుపెడతాను. ఆర్డునోలో మిల్లిస్ అనే ఫంక్షన్ ఇచ్చే సంఖ్య రకం పేరు అన్‌సైన్డ్ లాంగ్. ఆ చిప్పు మీద అది 32 బిట్లు. అదే పేరుతో రాసిన కోడ్‌ను 64 బిట్ల లినక్స్ కంప్యూటర్లో కంపైల్ చేస్తే అది 64 బిట్లు. అక్కడ 429 కోట్ల దగ్గర చుట్టు తిరగదు. తప్పు రాత పరీక్షలో నెగ్గుతుంది. సరైన రాత, కొత్త టైములోంచి పాత టైము తీసేటప్పుడు, ఎక్కడా లేని పెద్ద సంఖ్య ఇచ్చి ఆగిపోతుంది. అంటే తీర్పు పూర్తిగా తలకిందులు. దీనికి మందు తేలికే: ఎన్ని బిట్లో పేరులోనే చెప్పే `uint32_t` రకాన్ని వాడటం.

కానీ ఆ మందు పనిచేయని చోటు కూడా ఉంది. మన ఏడీసీ ఇచ్చే రీడింగు 10 బిట్లు, అంటే 0 నుంచి 1023. దాన్ని వోల్టులు చెయ్యడానికి 500తో గుణించి 1023తో భాగిస్తున్నాం అనుకోండి. రెండు సంఖ్యలనూ 16 బిట్లని జాగ్రత్తగా పేరు పెట్టి రాశాం. కంప్యూటర్ మీద సీ భాష ఆ రెంటినీ గుణించే ముందు తానుగా 32 బిట్లకు పెంచేస్తుంది, 1023ను 500తో గుణిస్తే 5,11,500 హాయిగా పడుతుంది. 8 బిట్ల ఏవీఆర్ చిప్పు మీద అలా పెంచదు, గుణకారం 16 బిట్లలోనే జరుగుతుంది, 65,535 దాటింది ఏదైనా తెగిపోతుంది. పరీక్ష నెగ్గుతుంది, డబ్బా తప్పు వోల్టేజి చదువుతుంది. గుణించే ముందు ఒక సంఖ్యను మనమే 32 బిట్లకు మార్చాలి. అన్నిటికంటే భరోసా, ఇవే పరీక్షలను అప్పుడప్పుడు ఆ చిప్పు కంపైలర్‌తో తయారుచేసి, సిమ్యులేటర్ మీదో అసలు బోర్డు మీదో నడపడం. నిర్ణయాల ఫైలుకు ఏ యంత్రమైనా ఒకటే కాబట్టి అందుకు కొత్తగా రాయాల్సింది కొంచెమే.

ఈ బిట్ల తేడాల కంటే పెద్ద చిక్కు డమ్మీలోనే ఉంది. డమ్మీ మనం నమ్మిందే చెబుతుంది. ఫేజు పోవడాన్నే తీసుకోండి. ఫేజు పోతే ఆ తీగ మీద వోల్టేజి సున్నా అవుతుంది అని మనం అనుకుంటాం, డమ్మీలో సున్నా రాస్తాం, నిర్ణయాల భాగం వెంటనే మోటారు ఆపుతుంది, పరీక్ష నెగ్గుతుంది. మోటారు ఆగి ఉన్నప్పుడు అది నిజమే. నడుస్తున్న మూడు ఫేజుల మోటారు మాత్రం వేరు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక ఫ్యూజు పోయినా, తిరుగుతున్న మోటారే ఆ పోయిన ఫేజు తీగ మీద వోల్టేజిని వెనక్కి పుట్టిస్తుంది. అసలు వోల్టేజిలో పదింట ఎనిమిది తొమ్మిది వంతుల దాకా అక్కడ కనిపించవచ్చు. వోల్టేజి మాత్రమే చూసే డబ్బాకు మూడు ఫేజులూ ఉన్నట్టే ఉంటుంది. మోటారు మిగిలిన రెండు ఫేజుల నుంచి మామూలు కంటే ఒకటిన్నర రెట్లకు పైగా కరెంటు లాగుతూ తిరుగుతుంది, కాసేపటికి కాలిపోతుంది. కంప్యూటర్లో వంద పరీక్షలూ నెగ్గి ఉంటాయి.

దీన్ని కోడ్ చదివి కనిపెట్టలేం. మోటారు దగ్గరికి వెళ్లాలి. నడుస్తున్న మోటారుకు, తెలిసిన ఎలక్ట్రీషియన్ సాయంతో, రక్షణ ఏర్పాట్లతో ఒక ఫేజు తీసి, ఆ కొద్ది సెకన్లలో మూడు వోల్టేజిలూ కరెంట్లూ ఎలా మారాయో రికార్డు చేసుకోవాలి. ఆ రికార్డునే డమ్మీకి ఒక్కో వరుసగా తినిపించాలి. అప్పుడు పాత నిర్ణయాల భాగం ఆ పరీక్షలో ఓడిపోతుంది, ఓడిపోవాలి కూడా. పరిష్కారం వోల్టేజిలో లేదని, కరెంటులో ఉందని అప్పుడు తెలుస్తుంది. రెండు ఫేజుల మీద కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్లు పెడితే చాలు. పోయిన ఫేజు వాటిలో ఒకటైతే దాని కరెంటు దాదాపు సున్నా అవుతుంది. మూడోదైతే రెండూ ఒకేసారి పెరుగుతాయి. పొరలో మోటారు కరెంటు ఎంత అన్న ప్రశ్న, ఫలానా ఫేజులో కరెంటు ఎంత అని మారుతుంది. ఒక్క ప్రశ్న మారింది, నిజమైన ఫైల్లో నాలుగు వరుసలు, డమ్మీలో రెండు వరుసలు. ఆ రోజు చేసిన రికార్డు మాత్రం పరీక్షల్లో శాశ్వతంగా ఉండిపోతుంది. రేపు ఎవరు కోడ్ మార్చినా ఆ ఫేజు పోయిన క్షణాన్ని మళ్లీ దాటాల్సిందే.

బల్ల మీద అసలు తెచ్చుకోలేని లోపాలను కూడా ఇలాగే తినిపించవచ్చు. కాంటాక్టర్ లోపలి కొనలు వేడికి అతుక్కుపోవడం అలాంటిదే. తియ్యి అని ఆజ్ఞ ఇచ్చాం, కరెంటు ఇంకా పారుతూనే ఉంది. డమ్మీలో ఇది రెండు వరుసల పని. నిర్ణయాల భాగం అప్పుడేం చేస్తోంది అని చూస్తే, చాలా ప్రోగ్రాములు ఆపేశాను అనుకుని నిశ్చింతగా ఊరుకుంటాయి. ఫోన్‌కు హెచ్చరిక పంపే దశ ఒకటి కావాలని ఆ పరీక్షే అడిగి పెట్టిస్తుంది.

పొర లోపల మిగిలిన తప్పులను కంప్యూటర్ ఎప్పటికీ చూడదు. వాటిలో నన్ను ఎక్కువ జాగ్రత్త పడేలా చేసేది టైమును చదవడం. 32 బిట్ల లెక్క 8 బిట్ల చిప్పులో నాలుగు బైట్లుగా ఉంటుంది, ఒక్కో బైటే చదవాలి. చదువుతున్న మధ్యలో టైమర్ ఇంటరప్ట్ వచ్చి లెక్కను ఒకటి పెంచిందనుకోండి. లెక్క సరిగ్గా 65,535 నుంచి 65,536కు మారే క్షణంలో కింది రెండు బైట్లు పాతవి, పై రెండు కొత్తవి చేతికొస్తే, 65 సెకన్లు ముందున్న టైము కనిపిస్తుంది. ఆగాల్సిన రెండు నిమిషాల్లో సగానికి పైగా ఎగిరిపోతుంది. చదివే ఆ నాలుగు బైట్ల సేపు ఇంటరప్టులను ఆపి, చదివాక మళ్లీ వదలడమే దారి. డమ్మీలో ఇంటరప్టులు లేవు కాబట్టి ఈ తప్పు అక్కడ పుట్టదు. పొరను పలుచగా ఉంచమని నేను పట్టుబట్టే కారణం ఇదే. నాలుగు ఫంక్షన్లూ కలిపి ఒక పేజీలో పడితే, ఇద్దరు కూర్చుని వరుస వరుసగా కళ్లతో చదవగలరు. ఒక్కో ఫంక్షన్‌ను బోర్డు మీద మల్టీమీటర్‌తో సరిచూడటానికి ఒక పూట చాలు.

చివరగా, ఇప్పటికే పొలాల్లో నడుస్తున్న పాత కోడ్ చేతిలో ఉన్నవాళ్లకు ఒక మాట. అంతా విప్పి మళ్లీ రాయకండి. ముందు ఒక్క టైమును మాత్రమే బయటికి తీయండి. కోడ్‌లో టైము చూసే ప్రతి చోటా రిజిస్టర్‌నో మిల్లిస్‌నో నేరుగా పిలవకుండా మీ ఫంక్షన్‌ను పిలవండి. డబ్బా మీద దాని ప్రవర్తన మారదు, కాబట్టి భయం లేదు. తర్వాత కాంటాక్టర్ ఆజ్ఞను అలాగే తీయండి. రీడింగులు ఆఖరున. ఆ తర్వాత నిర్ణయాల ఫైలును కంప్యూటర్ కంపైలర్‌కు ఇచ్చి చూడండి. `avr/io.h` దొరకలేదు అని అది మొరాయించిన ప్రతి చోటా, హార్డ్‌వేర్ ఇంకా లోపలికి కారుతోందని అర్థం. ఆ కారే చోట్లు ఒక్కొక్కటే మూసుకుంటూ వెళ్లి, ఫైలు మొదటిసారి శుభ్రంగా కంపైల్ అయిన రోజున, టైమును 429 కోట్ల 49 లక్షల దగ్గర పెట్టి మొదటి పరీక్ష రాయండి.